స్టోక్స్ సిద్ధాంతం: అంచు ఒక్కటే, తలాలు ఎన్నైనా

మూడు కొలతల అంతరాళంలో F అనే సదిశ క్షేత్రం, అందులో C అనే సంవృత వక్రం ఉన్నాయనుకుందాం. వక్రం వెంట నడుస్తూ, ప్రతి బిందువు దగ్గర క్షేత్రం మన నడక దిశలో ఎంత ఉందో చూసి, ఆ విలువను అక్కడి చిన్న పొడవుతో గుణించి, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేదాకా కూడుకుంటూ పోతే వచ్చే మొత్తాన్ని C చుట్టూ F సర్క్యులేషన్ అంటారు. ఇదంతా వక్రం మీద జరిగే లెక్క; వక్రానికి లోపల గానీ బయట గానీ క్షేత్రం ఎలా ఉందో ఇందులో ఎక్కడా రాదు. స్టోక్స్ సిద్ధాంతం ఈ మొత్తాన్ని, C ని అంచుగా కలిగిన ఒక తలం S మీద క్షేత్రపు కర్ల్‌ను సమాకలనం చేస్తే వచ్చే విలువతో సమానం చేస్తుంది.

∮_C F · dr = ∬_S (∇ × F) · n dS

ఇక్కడ n అనేది తలానికి యూనిట్ అభిలంబం. F = (P, Q, R) అయితే కర్ల్‌కు సూత్రం ఇది:

∇ × F = (∂R/∂y − ∂Q/∂z, ∂P/∂z − ∂R/∂x, ∂Q/∂x − ∂P/∂y)

సమీకరణాన్ని చూడగానే కంటబడని ముఖ్య విషయం ఒకటి ఉంది. ఎడమవైపు S ప్రస్తావనే లేదు. అంటే ఒకే అంచు ఉన్న తలాలలో దేన్ని తీసుకున్నా, అది చదునుగా ఉన్నా, పైకి ఉబ్బినా, కిందికి సాగినా, కుడివైపు విలువ మారకూడదు. సిద్ధాంతపు బలమంతా ఈ స్వేచ్ఛలోనే ఉంది, పొరపాట్లకు ఆస్కారం కూడా ఎక్కువగా ఇక్కడే ఉంది. అందుకే ఈ వ్యాసం ఆ స్వేచ్ఛ ఎక్కడి నుంచి వస్తుంది, దానికి హద్దులు ఏమిటి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే సాగుతుంది.

పేరు స్టోక్స్‌దే అయినా, ఈ ఫలితం మొదట కనిపించేది విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, 1850 జూలై 2న స్టోక్స్‌కు రాసిన ఉత్తరంలో. స్టోక్స్ దాన్ని 1854లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయపు స్మిత్స్ ప్రైజ్ పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాడు. ఆ పరీక్ష రాసినవాళ్ళలో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒకడు. అచ్చులో నిరూపణ 1861లో హెర్మాన్ హాంకెల్ రచనలో వచ్చింది. ఉత్తరం రాసింది ఒకరు, నిరూపణ అచ్చు వేసింది మరొకరు అయినా, పరీక్షపత్రం తయారుచేసినవాడి పేరే నిలిచిపోయింది. మాక్స్‌వెల్ ప్రసక్తి చివర్లో మళ్ళీ వస్తుంది.

సిద్ధాంతం ఎందుకు నిజమో చూడాలంటే, ముందుగా xy సమతలంలో Δx, Δy భుజాలున్న ఒక చిన్న దీర్ఘచతురస్రం తీసుకుని, దాని చుట్టూ అపసవ్య దిశలో సర్క్యులేషన్ లెక్కించాలి. కింది భుజం మీద కుడికి నడుస్తాం కాబట్టి అక్కడ వచ్చేది P Δx. పై భుజం మీద ఎడమకు నడుస్తాం కాబట్టి అదే P, y విలువ Δy మేరకు పెరిగిన చోట, రుణ గుర్తుతో వస్తుంది. రెండూ కలిస్తే మిగిలేది −(∂P/∂y) Δx Δy. కుడి భుజం మీద పైకి, ఎడమ భుజం మీద కిందికి నడుస్తాం. ఆ రెండూ కలిసి (∂Q/∂x) Δx Δy ఇస్తాయి. మొత్తం సర్క్యులేషన్ (∂Q/∂x − ∂P/∂y) Δx Δy. ఇది కర్ల్ యొక్క z-అంశాన్ని వైశాల్యంతో గుణించినదే. అంటే, వైశాల్యాన్ని సున్నాకు దగ్గర చేస్తున్నప్పుడు యూనిట్ వైశాల్యానికి వచ్చే సర్క్యులేషనే కర్ల్. దీర్ఘచతురస్రం ఏ దిశకు అభిముఖంగా ఉంటే ఆ దిశలోని అంశం బయటపడుతుంది.

ఇప్పుడు పెద్ద తలాన్ని ఇలాంటి చిన్న చిన్న ముక్కలుగా విడదీద్దాం. పక్కపక్కనున్న రెండు వరి మళ్ళకు నడుమ గట్టు ఒకటే ఉంటుంది. ఇద్దరు మనుషులు చెరో మడి చుట్టూ ఒకే తిరుగుడు దిశలో నడిస్తే, ఆ ఉమ్మడి గట్టు మీద ఒకరు ఇటు నుంచి అటు, మరొకరు అటు నుంచి ఇటు నడుస్తారు. సర్క్యులేషన్ల విషయంలోనూ అంతే: ఉమ్మడి భుజం మీద రెండు ముక్కల వాటాలు సమానంగా, వ్యతిరేక గుర్తులతో ఉండి కొట్టుకుపోతాయి. ముక్కలన్నిటి సర్క్యులేషన్లు కూడితే లోపలి భుజాలన్నీ రద్దై, జంట లేని భుజాలు, అంటే తలపు బయటి అంచు, మాత్రమే మిగులుతుంది. ఒకవైపు ముక్కల మొత్తం కర్ల్ సమాకలని, మరోవైపు మిగిలిన అంచు మీది సర్క్యులేషన్. తలాన్ని ఎలా వంచినా లోపలి రద్దు ఆగదు కాబట్టే తలం ఎంపికలో మనకు స్వేచ్ఛ దొరుకుతుంది. నిరూపణను గట్టిగా రాయాలంటే అవధులను జాగ్రత్తగా తీసుకోవాలి, క్షేత్రపు పాక్షిక అవకలజాలు అవిచ్ఛిన్నంగా ఉండాలి. అయినా తర్కం ప్రాణం ఈ రద్దులోనే ఉంది.

రద్దు జరగాలంటే ముక్కలన్నీ ఒకే తిరుగుడు దిశను పాటించాలి. అందుకే వక్రం మీద నడిచే దిశ, తలం మీది అభిలంబపు దిశ పరస్పరం ముడిపడి ఉంటాయి. కుడిచేతి వేళ్ళను వక్రం వెంట నడిచే దిశలో ముడిస్తే, బొటనవేలు చూపే వైపే అభిలంబం ఉండాలి. మరో విధంగా చెప్పాలంటే, అభిలంబం వైపు తల ఉంచి అంచు వెంట నడిచేవాడికి తలం ఎప్పుడూ ఎడమచేతి పక్కన ఉండాలి. మోబియస్ పట్టీకి ఒకే పక్క ఉంటుంది కాబట్టి దాని మీద అభిలంబాన్ని ఎక్కడా తెగకుండా నిర్ణయించలేం. ఆ తలానికి ఈ సిద్ధాంతం వర్తించదు.

ఇక ఒక ఉదాహరణను చివరిదాకా చేసి చూద్దాం. క్షేత్రం ఇది:

F = (−y(1 − z), x, 0)

అంచు C అనేది z = 0 సమతలంలో, మూలబిందువు కేంద్రంగా, వ్యాసార్ధం 2 ఉన్న వృత్తం; పై నుంచి చూస్తే అపసవ్య దిశలో నడుస్తాం. తలం S అనేది z = 4 − x² − y² అనే పారాబొలాయిడ్‌లో z ≥ 0 ఉన్న భాగం. అది వృత్తం మీద నిలబడి, మధ్యలో 4 యూనిట్ల ఎత్తుకు లేచిన గుమ్మటం.

ముందు అంచు మీది లెక్క. వృత్తాన్ని r(t) = (2 cos t, 2 sin t, 0) అని రాస్తే dr = (−2 sin t, 2 cos t, 0) dt. వృత్తం మీద z = 0 కాబట్టి F = (−2 sin t, 2 cos t, 0). వీటి బిందు లబ్ధం 4 sin²t + 4 cos²t = 4. దీన్ని 0 నుంచి 2π దాకా సమాకలనం చేస్తే సర్క్యులేషన్ 8π.

ఇప్పుడు కర్ల్. P = −y + yz, Q = x, R = 0 కాబట్టి ∂P/∂z = y, ∂Q/∂x = 1, ∂P/∂y = −1 + z. మిగతావి సున్నాలు.

∇ × F = (0, y, 2 − z)

గుమ్మటం మీద n dS ని రాయడానికి సులువైన దారి ఉంది. తలం z = f(x, y) రూపంలో ఉంటే, పైకి చూసే అభిలంబంతో n dS = (−∂f/∂x, −∂f/∂y, 1) dx dy. ఇక్కడ అది (2x, 2y, 1) dx dy. కర్ల్‌తో బిందు లబ్ధం 2y² + 2 − z. తలం మీద z = 4 − x² − y² కాబట్టి ఇది x² + 3y² − 2 అవుతుంది. ధ్రువ నిరూపకాలలోకి మార్చి, ముందు కోణం మీద సమాకలనం చేస్తే cos², sin² ఒక్కొక్కటి π ఇస్తాయి:

∬_S (∇ × F) · n dS = ∫₀² (πr² + 3πr² − 4π) r dr = [πr⁴ − 2πr²]₀² = 16π − 8π = 8π

రెండు విలువలూ కలిశాయి. అయితే కలవడం కన్నా, అవి కలిసిన తీరు ఎక్కువ ఆసక్తికరం. ఇదే అంచుకు చదునైన డిస్క్‌ను తలంగా తీసుకుంటే అక్కడ z = 0, అభిలంబం (0, 0, 1), కర్ల్ యొక్క z-అంశం అంతటా 2; వైశాల్యం 4π తో గుణిస్తే 8π. డిస్క్ మీద క్షేత్రం ప్రతిచోటా ఒకే విధంగా అపసవ్య దిశలో తిరుగుతోంది. గుమ్మటం శిఖరం దగ్గర మాత్రం z = 4, కర్ల్ యొక్క z-అంశం −2; అంటే అక్కడ తిరుగుడు ఎదురు దిశలో ఉంది. శిఖరం వద్ద పోయినదాన్ని గుమ్మటపు వాలు ప్రదేశాలు భర్తీ చేయాలి, చేస్తున్నాయి కూడా: వాలు మీద అభిలంబం పక్కకు వంగి ఉండటం వల్ల కర్ల్ యొక్క y-అంశం లెక్కలోకి వస్తోంది.

ఈ భర్తీ ఇంకా స్పష్టంగా కనబడాలంటే గుమ్మటానికి బదులు అదే వృత్తం మీద h ఎత్తున్న నిటారు స్థూపాన్ని నిలిపి, పైన మూత పెట్టినట్టు ఊహించాలి; అడుగు మాత్రం తెరిచే ఉంటుంది. మూత మీద z = h, కర్ల్ యొక్క z-అంశం 2 − h, కాబట్టి మూత వాటా 4π(2 − h). గోడ మీద బయటికి చూసే అభిలంబం (cos θ, sin θ, 0), y = 2 sin θ, కాబట్టి బిందు లబ్ధం 2 sin²θ; dS = 2 dθ dz. సమాకలనం చేస్తే గోడ వాటా 4πh. రెండూ కూడితే h పూర్తిగా రద్దై 8π మిగులుతుంది. ఎత్తు 2 అయితే మూత వాటా సున్నా, మొత్తమంతా గోడదే. ఎత్తు 4 అయితే గోడ వాటా 16π, మూత వాటా −8π. మూత ఎత్తు పెంచినప్పుడు అది ఎంత కోల్పోతుందో, కొత్తగా చేరిన గోడ సరిగ్గా అంతే ఇస్తుంది. దీని వెనకున్న కారణం ఏ కర్ల్‌కైనా అపసరణం సున్నా కావడం; ఇక్కడ ∂(y)/∂y + ∂(2 − z)/∂z = 1 − 1 = 0. కర్ల్ అనేది అంతరాళంలో ఎక్కడా పుట్టదు, ఎక్కడా ఇంకిపోదు. కాబట్టి ఒకే అంచు ఉన్న రెండు తలాలలో ఒకదాని గుండా ఎంత వెళ్తే రెండోదాని గుండా కూడా అంతే వెళ్ళాలి.

ఈ లెక్కలో తరచుగా జరిగే తప్పు ఒకటుంది. గుమ్మటం మీద అభిలంబాన్ని (2x, 2y, 1) అని రాయకుండా, నీడ డిస్క్ మీద పడుతోంది కదా అని (0, 0, 1) అని రాసేవాళ్ళున్నారు. అప్పుడు సమాకలించేది 2 − z మాత్రమే, అంటే x² + y² − 2. దాని ఫలితం 8π − 8π = 0. నీడను వాడవలసింది సమాకలన హద్దులను నిర్ణయించడానికే గాని, అభిలంబాన్ని నిర్ణయించడానికి కాదు. మరో తప్పు గుర్తుకు సంబంధించినది: జవాబు −8π వచ్చిందంటే పరిమాణం సరిగానే ఉంది, అభిలంబం లోపలికి చూస్తోందని వెంటనే అర్థం చేసుకోవచ్చు. రెండు వైపులా పరిమాణమే తేడాగా వస్తే మాత్రం గుర్తు మార్చి సరిపెట్టకూడదు. తప్పు కర్ల్‌లోనో అభిలంబంలోనో ఉంటుంది. చదునైన డిస్క్‌తో లెక్కను సరిచూసుకోవడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. అంచు సమతలంలో ఉన్నప్పుడల్లా ఈ సదుపాయం ఉంటుంది, నిజానికి అప్పుడు మిగిలేది గ్రీన్ సిద్ధాంతమే.

తలం ఎంపికలోని స్వేచ్ఛకు ఒక షరతు ఉంది: ఎంచుకున్న తలం మీద ప్రతిచోటా క్షేత్రం నిర్వచితమై, దానికి అవిచ్ఛిన్న అవకలజాలు ఉండాలి. ఇది తప్పితే ఏమవుతుందో చూపడానికి ఈ క్షేత్రం ప్రసిద్ధం:

G = (−y/(x² + y²), x/(x² + y²), 0)

దీని కర్ల్‌ను లెక్కిస్తే z-అక్షం మీద తప్ప ప్రతిచోటా సున్నా వస్తుంది. కర్ల్ సున్నా అయితే సర్క్యులేషన్ కూడా సున్నా కావాలని తొందరపడితే తప్పులో కాలేసినట్టే. a వ్యాసార్ధం ఉన్న వృత్తం మీద G పరిమాణం 1/a, దిశ స్పర్శరేఖ వెంట. చుట్టుకొలత 2πa తో గుణిస్తే సర్క్యులేషన్ 2π, a ఎంతైనా సరే. చిక్కు అక్షం దగ్గరుంది. అక్కడ హారం సున్నా, క్షేత్రానికి నిర్వచనమే లేదు. డిస్క్‌కు బదులు గుమ్మటం వాడినా తప్పించుకోలేం, ఎందుకంటే ఈ వృత్తాన్ని అంచుగా కలిగిన తలం ఏదైనా z-అక్షాన్ని ఎక్కడో ఒకచోట తాకి తీరుతుంది.

ఇలాంటప్పుడు అక్షం చుట్టూ ఒక చిన్న వృత్తాన్ని గీసి, దాని లోపలి భాగాన్ని తలం నుంచి తీసేయాలి. మిగిలిన వలయానికి రెండు అంచులుంటాయి: బయటిదాని మీద అపసవ్య దిశ, లోపలిదాని మీద సవ్య దిశ. వలయం మీద కర్ల్ సున్నా కాబట్టి రెండు సర్క్యులేషన్ల మొత్తం సున్నా, అంటే ఒకే దిశలో నడిస్తే రెండూ సమానం. సిద్ధాంతం చెబుతున్నది సర్క్యులేషన్ సున్నా అని కాదు, అక్షాన్ని ఒకసారి చుట్టే వక్రాలన్నిటికీ అది ఒకటే అని. ఈ చిక్కును ముందే పసిగట్టాలంటే కర్ల్ లెక్కించకముందే క్షేత్రపు హారాలను, వర్గమూలాలను, లాగరిథమ్‌లను చూసి, అవి ఎక్కడ చెడతాయో గుర్తించుకోవాలి.

G అనేది కేవలం పాఠ్యపుస్తకపు కల్పన కాదు. పొడవైన తిన్నని తీగలో I విద్యుత్ ప్రవాహం ఉంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం B పరిమాణం μ₀I/(2πr). అది G ని μ₀I/(2π) తో గుణించినదే. అసలు తీగకు మందం ఉంటుంది కాబట్టి అక్షం దగ్గర క్షేత్రం చెడదు; తీగ లోపల కర్ల్ సున్నా కాకుండా, ప్రవాహ సాంద్రత J తో ∇ × B = μ₀J గా ఉంటుంది. స్టోక్స్ సిద్ధాంతాన్ని దీనికి వర్తింపజేస్తే, వక్రం చుట్టూ B సర్క్యులేషన్ ఆ వక్రానికి కట్టిన తలం గుండా వెళ్ళే ప్రవాహానికి μ₀ రెట్లు ఉంటుందనే ఆంపియర్ నియమం వస్తుంది.

అయితే ఆ తీగ ఒక కెపాసిటర్‌ను ఛార్జి చేస్తోందనుకుందాం. ప్రవాహం 2 మిల్లీఆంపియర్లు, పలక వైశాల్యం 0.01 చదరపు మీటరు. తీగ చుట్టూ వృత్తం గీసి, దానికి చదునైన డిస్క్ కడితే తీగ దాన్ని చీల్చుకుని పోతుంది; సర్క్యులేషన్ μ₀ × 0.002, దాదాపు 2.5 × 10⁻⁹ టెస్లా-మీటరు. అదే వృత్తానికి, ఒక పలకను లోపల కలుపుకుంటూ రెండు పలకల మధ్య ఖాళీ గుండా సాగే ఉబ్బెత్తు తలాన్ని కడితే, దాన్ని ఏ తీగా తాకదు. J అక్కడ సున్నా, కాబట్టి సర్క్యులేషన్ కూడా సున్నా కావాలి. ఒకే అంచుకు రెండు జవాబులు వచ్చాయి. స్టోక్స్ సిద్ధాంతం గణిత సత్యం కాబట్టి తప్పు దానిలో ఉండదు. B కర్ల్ μ₀J కు సమానమన్న భౌతిక సమీకరణంలోనే ఉండాలి. స్థూపం ఉదాహరణలో చూసినట్టు, కర్ల్ అనిపించుకోవాలంటే అపసరణం సున్నా కావాలి. ఇక్కడ డిస్క్, ఉబ్బెత్తు తలం కలిసి మూసిన ప్రదేశంలోకి ప్రవాహం వస్తోంది గాని బయటికి పోవడం లేదు, పలక మీద ఆవేశం పేరుకుంటోంది. J కి అపసరణం సున్నా కాదు, కనుక అదొక్కటే దేనికీ కర్ల్ కాలేదు.

పలకల మధ్య లేనిది ప్రవాహమే గాని, మారుతున్న విద్యుత్ క్షేత్రం E అక్కడ ఉంది. అంచుల దగ్గర చెదరడాన్ని పక్కన పెడితే E మారే వేగం I/(ε₀A), మన అంకెలతో సెకనుకు దాదాపు 2.26 × 10¹⁰ వోల్టు/మీటరు. పెద్దదిగా కనబడినా, మైక్రోసెకను కాలంలో ఒక మిల్లీమీటరు ఖాళీకి అది 22.6 వోల్టులే. దీన్ని ε₀ తోనూ పలక వైశాల్యంతోనూ గుణిస్తే సరిగ్గా 2 మిల్లీఆంపియర్లు తిరిగి వస్తాయి. అందుకే సమీకరణం ఇలా మారాలి:

∇ × B = μ₀ (J + ε₀ ∂E/∂t)

రెండో పదాన్ని స్థానభ్రంశ ప్రవాహం అంటారు. 1854లో స్టోక్స్ ఇచ్చిన పరీక్ష రాసిన మాక్స్‌వెల్, 1861-62లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని ప్రవేశపెట్టాడు. అయితే ఆయన అప్పట్లో ఒక యాంత్రిక నమూనా ద్వారా అక్కడికి చేరాడు; కెపాసిటర్‌కు రెండు తలాలు కట్టి చూపే వాదన తర్వాతి బోధనలో స్థిరపడినది.

కొత్త సమీకరణంతో పలకల మధ్య కూడా లెక్కలు చేయవచ్చు. వృత్తాకారపు పలకల వ్యాసార్ధం a అయితే, ఖాళీలో, అక్షం చుట్టూ a/2 వ్యాసార్ధంతో గీసిన వృత్తానికి డిస్క్ కడితే దాని గుండా పోయేది మొత్తం స్థానభ్రంశ ప్రవాహంలో నాలుగో వంతు. సర్క్యులేషన్ μ₀I/4, చుట్టుకొలత πa, కాబట్టి B = μ₀I/(4πa); పలకల అంచు దగ్గర ఉండే μ₀I/(2πa) లో ఇది సగం. మందమైన తీగ లోపల అక్షం నుంచి దూరం పెరిగే కొద్దీ B ఎలా పెరుగుతుందో, తీగే లేని ఈ ఖాళీలోనూ అలాగే పెరుగుతుంది.